"రేటెంతక్కా?" నుంచి డైరీలో పేరు దాకా

ఇంట్లోనే పార్లర్ నడిపే బ్యూటీషియన్ ఫోన్ తీసి చూస్తే నాలుగైదు ప్రశ్నలే తిరిగి తిరిగి కనిపిస్తాయి. "పెళ్లికూతురి మేకప్ రేటెంతక్కా?", "ఆంటీ, రేపు ఖాళీయేనా?", "ఫేషియల్స్‌లో ఏమేం ఉన్నాయి మేడమ్?", "మీరు చేసిన ఫొటోలు పెట్టండి". ఇవి వచ్చే వేళకు ఆవిడ ఎవరికో ఐబ్రోస్ చేస్తూ ఉంటుంది. దారం ఒక కొస పళ్ల మధ్య, మిగతాది వేళ్ల మధ్య. ఫోన్ ముట్టుకోవడానికి లేదు. పని ముగించి చూసేసరికి అడిగినావిడ ఇంకో ఇద్దరిని అడిగేసి ఉంటుంది.

వాట్సాప్ బిజినెస్ అనే యాప్ ఇలాంటి చిన్న వ్యాపారాల కోసమే 2018లో వచ్చింది. డబ్బు కట్టక్కర్లేదు. అందులో క్యాటలాగ్, క్విక్ రిప్లైలు అనే రెండు సదుపాయాలున్నాయి. చాలామంది రెండూ పెట్టుకుంటారు. క్యాటలాగ్‌లో ఇరవై ఫొటోలు ఎక్కిస్తారు, "మా పార్లర్‌కు స్వాగతం" అని ఒక క్విక్ రిప్లై రాస్తారు. ఆ తర్వాత మళ్లీ మామూలే, ప్రతి మెసేజ్‌కూ చేత్తో టైపు చేస్తూ కూర్చుంటారు. దేనికి ఏ పని అప్పగించాలో తేల్చుకోకపోవడమే దీనికి కారణం. పంపకం ఇలా ఉంటే బాగుంటుంది. ఏం చేస్తాం, ఎంత తీసుకుంటాం అన్నది క్యాటలాగ్ చెప్పాలి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరికి అన్నది క్విక్ రిప్లై అడగాలి. ఆ వేళ ఖాళీ ఉందో లేదో డైరీ చెప్పాలి. ఈ మూడోది ఈ రెండింటికీ చేతకాదు.

మొదలుపెట్టేముందు నంబర్ సంగతి చూసుకోవాలి. ఒకే నంబర్ మామూలు వాట్సాప్‌లోనూ బిజినెస్‌లోనూ ఒకేసారి పనిచేయదు. అందుకని రెండు సిమ్‌ల ఫోన్‌లో రెండో నంబర్‌ను పార్లర్‌కు కేటాయించుకోవడం మేలు. ఇంటి నుంచి పనిచేసే ఆడవాళ్లకు దీనివల్ల ఇంకో లాభం ఉంది. పార్లర్ నంబర్ ఊరందరి చేతుల్లోకి వెళుతుంది, అర్ధరాత్రి "హాయ్" అని పెట్టే మగవాళ్ల చేతుల్లోకి కూడా. బంధువులున్న నంబర్ అందులో కలవకుండా ఉంటుంది. ప్రొఫైల్‌లో చిరునామా అడిగే చోట డోర్ నంబర్ రాయనక్కర్లేదు, పేట పేరు చాలు. "ఆడవారికి మాత్రమే, ముందుగా బుక్ చేసుకున్నవారికి మాత్రమే" అన్న మాట అక్కడే రాసేయాలి. ఇంటి లొకేషన్ బుకింగ్ ఖాయమయ్యాక పంపితే సరిపోతుంది.

ఇప్పుడు క్యాటలాగ్. 2019 చివర్లో మన దేశంలోకి వచ్చింది. ఐదొందల దాకా ఐటమ్స్ పెట్టుకోవచ్చు, ఒక్కోదానికి పది దాకా ఫొటోలు, పేరు, ధర, వివరం. ఇంట్లో పార్లర్‌కు ఐదొందలు దేనికి? పదిహేను, ఇరవై దాటితే చూసేవాళ్లు కిందికి జరపడం మానేసి "రేట్లు చెప్పండి" అని అడుగుతారు. అదే అడగకూడదనే కదా క్యాటలాగ్ పెట్టింది! ఐబ్రోస్, అప్పర్‌లిప్, ఫోర్‌హెడ్ వేర్వేరుగా పెట్టకుండా "థ్రెడింగ్" అని ఒకే ఐటమ్‌గా పెట్టి, విడివిడి రేట్లు వివరంలో రాస్తే చాలు. కలెక్షన్లుగా విడగొట్టుకునే వీలుంది కాబట్టి రోజువారీ పనులు ఒకటి, ఫంక్షన్ మేకప్‌లు ఒకటి, చీరకట్టు, ప్లీటింగ్, జడలు ఒకటి అని మూడు గుంపులు చేసుకుంటే వెతుక్కోవడం తేలిక.

ధర గడిలో ఒకే అంకె పడుతుంది, "ఇంత నుంచి ఇంత దాకా" అని రాయడానికి కుదరదు. అందుకే కొందరు ఆ గడి ఖాళీగా వదిలేసి "ధరకు మెసేజ్ చేయండి" అంటారు. దాంతో క్యాటలాగ్ పని సగం పోయినట్టే. జుట్టు పొడవును బట్టి మారే హెయిర్ స్పా, కలరింగ్ లాంటివాటికి కనీస ధర గడిలో వేసి, వివరంలో మొదటి వాక్యంగా "భుజాల దాకా ఉన్న జుట్టుకు ఈ ధర, నడుము దాకా అయితే ఇంత" అని రాయొచ్చు.

వివరంలో అసలు రాయాల్సింది తర్వాత గొడవ తెచ్చే సంగతులు. పెళ్లికూతురి మేకప్‌నే తీసుకుందాం. మన పెళ్లిళ్లలో చీర ఒక్కటే ఉండదు. ముహూర్తానికి ఒక పట్టుచీర, ఆపైన మధుపర్కం. మేకప్ రేటులో ఎన్ని చీరలు కట్టడం ఉంది? పూలజడ అల్లి ఇస్తారా, లేక వాళ్లు తెచ్చుకున్నది పెడతారా? పెళ్లికూతురి తల్లికీ చెల్లెలికీ చీర కట్టాలంటే వేరేగా ఇవ్వాలా? ప్రయాణ ఖర్చు కలిసే ఉందా? ఈ నాలుగూ రాయకుండా "హెచ్‌డీ బ్రైడల్ మేకప్, ప్రీమియం ప్రాడక్ట్స్" అని రాస్తే మండపంలో తెల్లవారుజామున, అందరూ తొందరపడుతున్న వేళ, ఆ మాటలు మాట్లాడుకోవాల్సి వస్తుంది.

ఫొటోల్లో ఇంటర్నెట్‌లో దొరికిన హీరోయిన్ల బొమ్మలు వద్దు. తను చేసిన పనే ఉండాలి, ఆ అమ్మాయి ఒప్పుకుంటేనే ఉండాలి. మొహం చూపించడం ఇష్టంలేదంటే జడ వెనక నుంచి, చీర కుచ్చిళ్లు దగ్గరగా తీసినవి పెట్టొచ్చు. ఫిల్టర్ వేసిన ఫొటో పెడితే తర్వాత వచ్చే ప్రతి అమ్మాయీ ఫిల్టర్ లాంటి మొహమే అడుగుతుంది. ఎక్కించిన ప్రతి ఐటమ్‌నూ వాట్సాప్ పరిశీలించాకే జనానికి చూపిస్తుంది. నిబంధనలకు సరిపడదనుకుంటే ఆపేసి, దాని పక్కన గుర్తు పెడుతుంది. అప్పుడు మార్చి పెట్టొచ్చు, లేదా మళ్లీ చూడమని అడగొచ్చు. వ్యాక్సింగ్ లాంటివాటికి ఒళ్లు కనిపించే ఫొటోల బదులు ధరలు రాసిన కార్డు బొమ్మ పెట్టుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

ఇంకొక్క మాట. క్యాటలాగ్‌లో వస్తువుల కోసం "కార్ట్‌లో వేసుకో" అన్న మీట కూడా వస్తుంది. పచ్చళ్లు అమ్మేవాళ్లకు అది బాగుంటుంది గానీ బ్యూటీషియన్‌కు చిక్కు తెస్తుంది. పెళ్లి మేకప్ ఒకటి, చీరకట్టు మూడు కార్ట్‌లో వేసి పంపినావిడ తన తేదీ బుక్ అయిపోయిందనే అనుకుంటుంది. క్యాటలాగ్ సెట్టింగ్స్‌లో ఆ మీటను ఆపేయొచ్చు. ఆపినా పోయేదేమీ లేదు. ఐటమ్ కిందనే మెసేజ్ చేసే మీట ఉంటుంది. దాన్ని నొక్కితే ఏ ఐటమ్ గురించి అడుగుతున్నారో ఆ కార్డుతో సహా మెసేజ్ వస్తుంది. "ఏ మేకప్ అండీ?" అని తిరిగి అడిగే పని తప్పుతుంది.

ఇక క్విక్ రిప్లై. బిజినెస్ టూల్స్‌లో ఒక మెసేజ్ రాసిపెట్టుకుని దానికో పొట్టి పేరు పెడతాం. చాట్‌లో `/` కొట్టగానే పేర్లన్నీ వరసగా కనిపిస్తాయి. కావలసింది ముట్టుకుంటే ఆ మెసేజ్ టైపు చేసే గడిలోకి వస్తుంది. తనంతట తాను వెళ్లిపోదు, మనం పంపాలి. పంపేలోపు దిద్దుకోవచ్చు. దాని ఉపయోగమంతా ఈ దిద్దుకోవడంలోనే ఉంది. తనంతట వెళ్లేవి వేరే రెండున్నాయి. మొదటిసారి మెసేజ్ చేసినవాళ్లకూ, పద్నాలుగు రోజులుగా మాటల్లేనివాళ్లకూ వెళ్లే పలకరింపు ఒకటి. మనం పనిలో ఉన్న వేళల్లో వెళ్లే అవే మెసేజ్ ఇంకొకటి. పలకరింపును ఫోన్‌బుక్‌లో లేనివాళ్లకే వెళ్లేలా పెట్టుకోవాలి, లేదంటే పెద్దత్తయ్యకు కూడా "మా సేవలు ఎంచుకోండి" అని వెళుతుంది. అవే మెసేజ్‌లో తిరిగి ఎప్పుడు చూస్తారో రాస్తే వాళ్లు ఆగుతారు. "బిజీగా ఉన్నాం" అంటే ఆగరు. "పనిలో ఉన్నానండీ, మధ్యాహ్నం రెండింటికి చూసి చెబుతాను. ఈలోగా రేట్లు క్యాటలాగ్‌లో ఉన్నాయి" అంటే ఆగుతారు.

క్విక్ రిప్లైలు యాభై దాకా పెట్టుకోవచ్చంటుంది యాప్. ఆరో ఏడో చాలు. వాటిని రాయడంలో జరిగే పెద్ద పొరపాటు, జవాబులా రాయడం. "బ్రైడల్ మేకప్ పది వేలు, ట్రావెల్ ఎక్స్‌ట్రా, థాంక్యూ" అని పంపితే సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. అవతలివాళ్లు "ఓకే" అంటారు, అంతే. ప్రతి క్విక్ రిప్లై చివర ఒక ప్రశ్న ఉండాలి, ఆ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పగలగాలి.

ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. తెనాలిలో ఇంట్లో పార్లర్ నడిపే ఒకావిడ ఉందనుకుందాం. ఇక్కడి అంకెలు లెక్క కోసం వేసుకున్నవే. పెళ్లికూతురి మేకప్ పది వేలు, అందులో జడ, రెండు చీరలు కట్టడం కలిసి ఉన్నాయి. ఊరు దాటితే కారు ఖర్చు వేరే. సాయంత్రం ఒక అమ్మాయి క్యాటలాగ్‌లోని పెళ్లి మేకప్ కార్డు మీద నుంచి మెసేజ్ పెట్టింది: "అక్కా, మా అక్క పెళ్లి వచ్చే నెల 11 రాత్రి. మీరు ఖాళీయేనా?"

ఇక్కడే చాలామంది డైరీలో 11వ తేదీ చూసి "ఖాళీనేనమ్మా" అనేస్తారు. కానీ మన వాడుకలో "11 రాత్రి" అంటే రెండు అర్థాలు. 11న రాత్రి ఎనిమిదిన్నర ముహూర్తం కావచ్చు, 11 తెల్లవారితే 12 అనగా 12న వేకువజామున కావచ్చు. శుభలేఖలో ఒకలా ఉంటుంది, ఇంట్లో మాట ఇంకోలా ఉంటుంది. పెళ్లిళ్ల సీజన్‌లో ఒకే రోజు రెండు పనులు ఒప్పుకుని చిక్కుల్లో పడే బ్యూటీషియన్ల కథల వెనక తరచుగా ఉండేది ఈ రాత్రే. కాబట్టి `/pelli` అన్న క్విక్ రిప్లై ఇలా ఉండాలి:

"సంతోషమండీ. తేదీ చూసి చెప్పాలంటే శుభలేఖ ఫొటో ఒకటి పెట్టండి. ఇంకా అచ్చు వేయించకపోతే ముహూర్తం తేదీ, టైము, మండపం ఉన్న ఊరు రాయండి. గౌరీపూజకు పెళ్లికూతుర్ని ఎన్నింటికి కూర్చోబెడతారు?"

శుభలేఖ ఫొటో అడగడంలో సుఖం ఉంది. తేదీ, టైము, మండపం, ఊరు నాలుగూ ఒకే బొమ్మలో వచ్చేస్తాయి, ఎవరూ టైపు చేయక్కర్లేదు. మన అమ్మాయి ఫొటో పెట్టింది. 12వ తేదీ తెల్లవారుజామున 4 గంటల 32 నిమిషాలు, గుంటూరులో కల్యాణ మండపం. గౌరీపూజ మూడున్నరకు.

ఇప్పుడు వెనక్కి లెక్కపెట్టాలి. పెళ్లికూతురు సిద్ధం కావాల్సింది ముహూర్తానికి కాదు, గౌరీపూజకు. అంటే మూడున్నరకు. మేకప్, జడ, చీర, నగలు కలిపి రెండున్నర గంటలు, కాబట్టి ఒంటి గంటకు కూర్చోబెట్టాలి. లైటు, అద్దం, సామాను సర్దుకోవడానికి అరగంట. పన్నెండున్నరకు మండపంలో ఉండాలి. తెనాలి నుంచి గుంటూరు దగ్గరే అయినా రాత్రివేళ కారు, మండపం వెతుక్కోవడం కలిపి గంట వేసుకుంటే పదకొండున్నరకు ఇల్లు కదలాలి. 12వ తేదీ పెళ్లికి 11వ తేదీ రాత్రి బయల్దేరాలన్నమాట. ముహూర్తం అయ్యాక మధుపర్కం చీర కట్టి వచ్చేసరికి 12 ఉదయం ఏడు దాటుతుంది. డైరీలో ఈ పని రెండు పేజీల మీద పడుతుంది. 11న సాయంత్రం ఏడింటి తర్వాత ఇంకేమీ తీసుకోకూడదు, 12న మధ్యాహ్నం దాకా నిద్ర. 12 ఉదయం పదింటికి ఫేషియల్ రాసుకుని ఉంటే ఇప్పుడే జరపాలి.

డైరీ చూశాక ఖాళీ ఉంటే `/adv`:

"మీ తేదీ ఖాళీగా ఉందండీ. ____ సాయంత్రం 6 దాకా మీ కోసం ఆపి ఉంచుతాను. మొత్తం ____, అడ్వాన్స్ ____. అడ్వాన్స్ అందాకే బుకింగ్ ఖాయమవుతుంది. ఈ నంబర్‌కే పంపుతారా?"

ఆ గీతలు కావాలనే పెట్టుకోవాలి. పాత కస్టమర్‌కు రాసిన తేదీ, డబ్బు క్విక్ రిప్లైలోనే ఉండిపోతే, హడావిడిలో అదే ఇంకొకరికి వెళ్లిపోతుంది. ఖాళీ గీత ఉంటే నింపకుండా పంపినా అవతలివాళ్లు "ఎంతండీ?" అని అడుగుతారు గానీ తప్పు రేటు పట్టుకుని కూర్చోరు. ఈలోగా డైరీలో పెన్సిల్‌తో రాసి, చాట్‌కు లేబుల్ తగిలించాలి. యాప్‌లో ముందే ఉన్న లేబుళ్ల పేర్లు దుకాణాలకు తగ్గట్టుంటాయి, వాటిని మార్చి "అడ్వాన్స్ రావాలి", "ఖాయం", "అయిపోయింది" అని మూడు పెట్టుకుంటే చాలు. రోజూ రాత్రి "అడ్వాన్స్ రావాలి" లేబుల్ ఒక్కటి తెరిచి చూస్తే ఎవరి గడువు దాటిందో తెలిసిపోతుంది. గడువు దాటితే మొహమాటపడకుండా ఒక్కసారి అడిగి, పెన్సిల్ గీత చెరిపేయాలి. అక్కడ మెత్తబడితే ఆ తేదీకి నిజంగా డబ్బు కట్టేవాళ్లు వెళ్లిపోతారు.

అడ్వాన్స్ వచ్చిందనడానికి స్క్రీన్‌షాట్ రుజువు కాదు. స్క్రీన్‌షాట్‌ను మార్చి పంపడం పెద్ద విద్యేమీ కాదు, ఒక్కోసారి పేమెంట్ మధ్యలోనే ఆగిపోయి ఉంటుంది కూడా. మన బ్యాంకు ఖాతాలో లేదా యూపీఐ యాప్ చరిత్రలో డబ్బు పడిందని చూశాకే పెన్సిల్ మీద పెన్నుతో రాయాలి. ఆ తర్వాతే `/ok`:

"మీ బుకింగ్ ఖాయమండీ. పెళ్లి ____ తెల్లవారుజామున ____. నేను ముందురోజు రాత్రి ____కి మండపానికి వస్తాను. ఇందులో ఉన్నవి: మేకప్, జడ, రెండు చీరలు. లేనివి: పువ్వులు, ఇంట్లో మిగతావారి చీరకట్టు, కారు ఖర్చు. అడ్వాన్స్ ____ అందింది, మిగతా ____ చీర కట్టడం మొదలుపెట్టే ముందు. ఆ రాత్రి ఫోన్ ఎత్తేవారి పేరు, నంబర్ పంపండి."

చివరి వాక్యం అతి అనిపించొచ్చు. కానీ బుక్ చేసిన చెల్లెలు ఆ రాత్రి మండపంలో ఎక్కడో ఉంటుంది, ఫోన్ బ్యాగులో ఉంటుంది. అర్ధరాత్రి గేటు ముందు నిలబడి తలుపు తీయించుకోవడానికి బాబాయి నంబరో, మేనమామ నంబరో కావాలి. ఈ మెసేజ్‌కు స్టార్ పెట్టుకుంటే పెళ్లిరోజున చాట్ అంతా వెతకాల్సిన పనుండదు.

రోజువారీ పనులకు ఇంత తతంగం అక్కర్లేదు. "రేపు ఖాళీయేనా?" అనేవాళ్లకు "అవును" అనకుండా రెండు టైములు ఇచ్చి ఎంచుకోమనడం మేలు: "రేపు 11కి గానీ 4కి గానీ వీలవుతుందండీ, ఏది కుదురుతుంది?" ఖాళీగా ఉన్న టైములన్నీ చెబితే రోజంతా ముక్కలవుతుంది. ఒక్కో పనికి ముందే చెప్పాల్సిన జాగ్రత్తలుంటాయి, వాటికి క్విక్ రిప్లై బాగా పనికొస్తుంది. హెయిర్ కలర్ కావాలన్నవాళ్లు రెండు రోజుల ముందు వచ్చి చెవి వెనక కొంచెం రాయించుకుని దురద, మంట వస్తాయేమో చూసుకోవాలి. ఫంక్షన్ కోసం మొదటిసారి ఫేషియల్ చేయించుకునేవాళ్లు ముందురోజు కాకుండా నాలుగైదు రోజుల ముందే రావాలి. ఏదైనా పడకపోతే మొహం సర్దుకునే వ్యవధి ఉంటుంది. శ్రావణ శుక్రవారాల ముందు ఈ మెసేజ్ ఎన్నిసార్లు పంపాల్సి వస్తుందో అనుభవం ఉన్నవాళ్లకు తెలుసు.

వీటికి పరిమితులూ ఉన్నాయి. వాయిస్ మెసేజ్ పెట్టే పెద్దావిడకు నాలుగు వరసల రాత పంపితే చదవదు, ఆవిడకు వాయిస్‌లోనే చెప్పాలి. ఒకే కస్టమర్‌కు వారంలో రెండుసార్లు అక్షరం మారకుండా అదే మెసేజ్ వెళితే "మిషన్‌తో మాట్లాడుతున్నట్టుంది" అని ముఖం చిట్లిస్తారు. అందుకే పాతవాళ్లకు పంపేటప్పుడు ముందు పేరు చేర్చి ఒక ముక్క మార్చాలి. ఫోన్‌తో పాటు ఇంకో నాలుగు పరికరాల్లో ఇదే అకౌంట్ తెరవొచ్చు కదా అని ఇంట్లో కూతురు కూడా జవాబులిస్తుంటే, డైరీ మాత్రం ఒక్కటే ఉండాలి. తల్లి నాలుగింటి టైము ఒకరికి, కూతురు అదే నాలుగు ఇంకొకరికి ఇస్తే ఎంత మంచి క్విక్ రిప్లై అయినా కాపాడలేదు. సహాయం చేసేవాళ్లు `/pelli` దాకా పంపొచ్చు, `/adv` మాత్రం డైరీ చేతిలో ఉన్నవాళ్లే పంపాలి.

రేట్లు పెంచినప్పుడు క్యాటలాగ్‌లో మార్చిన వెంటనే క్విక్ రిప్లైలు కూడా ఒకసారి చదువుకోవాలి, ఎక్కడైనా పాత అంకె దాక్కుని ఉంటుంది. అప్పటికే ఖాయమైనవాళ్లకు `/ok`లో రాసిన రేటే. మూఢంలో పెళ్లిళ్లు లేని రోజుల్లో ఈ సర్దుబాటు చేసుకుంటే సరిపోతుంది. అప్పుడు చేయడం లేని ఐటమ్స్‌ను తొలగించనక్కర్లేదు, దాచిపెట్టే వీలుంది. మళ్లీ సీజన్ రాగానే ఫొటోలతో సహా తిరిగి చూపించొచ్చు.

పెళ్లి వాయిదా పడిందని మెసేజ్ వస్తే మాత్రం `/` కొట్టకూడదు. ఆ ఇంట్లో ఏం జరిగిందో మనకు తెలియదు. అడ్వాన్స్ తిరిగి ఇస్తారా, కొత్త తేదీకి జమ వేస్తారా అన్న నియమం `/ok` మెసేజ్‌లో ఒక వాక్యంగా ముందే ఉండొచ్చు, ఉంటే మంచిది కూడా. కానీ ఆ రోజున దాన్ని ఎత్తి చూపకుండా ఫోన్ చేసి మాట్లాడాలి. మాట తేలాక అదే విషయాన్ని చాట్‌లో రెండు వాక్యాలుగా రాసి పంపి, లేబుల్ మార్చి, డైరీలో ఆ రెండు పేజీలనూ ఖాళీ చేసుకోవాలి.